వారం గడువు అడిగిన మెయిల్: ఒక పైథాన్ మినీ ప్రాజెక్టు కేస్ స్టడీ

గుంటూరు జిల్లాలోని ఒక ఇంజినీరింగ్ కాలేజీలో రెండో సంవత్సరం సీఎస్‌ఈ విద్యార్థులకు నేను పైథాన్ ల్యాబ్ చెబుతాను. సెమిస్టర్ మధ్యలో ముగ్గురేసి చొప్పున టీమ్‌లు కట్టి ఒక మినీ ప్రాజెక్టు చేయాలి. కోడ్, గ్రాఫులు, ఐదారు పేజీల రిపోర్టు, చివర్లో డెమో, వైవా ఉంటాయి. మార్కులు ఇంటర్నల్స్‌లో కలుస్తాయి. గడువు దగ్గరపడుతుంటే ‘ఎక్స్‌టెన్షన్’ మెయిళ్లు మొదలవుతాయి. వాటిలో ఒకదాన్ని మొదటి నుంచి చివరి దాకా ఇక్కడ రాస్తున్నాను. ఆ మెయిల్‌లో వాళ్లు చెప్పని విషయం కోడ్‌లో ఉన్న అసలు తప్పుతో ముడిపడి ఉంది. అది బయటపడకపోతే వారం కాదు, నెల గడువు ఇచ్చినా ఆ ప్రాజెక్టు తప్పుగానే నా చేతికి వచ్చేది.

ఇది 2024 సెప్టెంబర్ నాటి సంగతి. సబ్మిషన్ 23వ తేదీ సోమవారం సాయంత్రం 5 గంటలకు. మార్కులు పోర్టల్‌లో ఎక్కించాల్సిన ఆఖరి రోజు 30, సోమవారం. ఈ రెండో తేదీ నా చేతిలో ఉండదు. శనివారం రాత్రి ఒక టీమ్ లీడర్ నుంచి మెయిల్ వచ్చింది. మా పిల్లలు మెయిళ్లు ఇంగ్లీషులోనే రాస్తారు. ఇక్కడ తెలుగులో ఇస్తున్నాను.

> విషయం: గడువు పొడిగింపు కోసం విన్నపం
>
> గౌరవనీయులైన మేడమ్ గారికి,
>
> కొన్ని వ్యక్తిగత సమస్యల వల్ల, కొన్ని సాంకేతిక సమస్యల వల్ల మా టీమ్ మినీ ప్రాజెక్టును సోమవారంలోగా పూర్తి చేయలేకపోతోంది. దయచేసి మాకు ఒక వారం గడువు ఇప్పించగలరు. ఇకపై ఇలాంటిది జరగదని హామీ ఇస్తున్నాం. మీ సహకారానికి ఎంతో రుణపడి ఉంటాం.
>
> ఇట్లు, మీ విధేయురాలు

మర్యాదలో ఏ లోటూ లేదు. కానీ నిర్ణయం తీసుకోవడానికి పనికొచ్చే సమాచారం ఇందులో ఒక్కటీ లేదు. ఏది పూర్తయింది, ఏది మిగిలింది, ఎక్కడ ఆగారు, వారమే ఎందుకు, వీటిలో దేనికీ జవాబు దొరకదు. వారం ఇస్తే మార్కులు ఎక్కించే రోజే సబ్మిషన్ అవుతుంది, డెమోకు చోటే ఉండదు. ఈ మెయిల్ ఒక్కదాన్నే చూసి చెప్పాల్సి వస్తే ‘కుదరదు’ అనాలి. అలా అన్నా పొరపాటే, ఎందుకంటే ‘వ్యక్తిగత సమస్యలు’ అన్న మాట కింద ఏముందో నాకు తెలియదు. పిల్లలు చిన్న కారణానికీ, నిజంగా పెద్ద కష్టానికీ ఇదే మాట వాడతారు.

ఆదివారం పొద్దున్నే జవాబు రాశాను. గడువు ఇస్తాననీ అనలేదు, ఇవ్వననీ అనలేదు. నాలుగు విషయాలు అడిగాను. ఈ క్షణాన మీ ప్రోగ్రామ్ రన్ చేస్తే ఏం వస్తోంది? ఎర్రర్ వస్తుంటే దాని ఆఖరి లైన్ ఉన్నది ఉన్నట్టు కాపీ చేసి పెట్టండి. ఏయే మెషీన్లలో రన్ చేశారు, ఒక్కోదానిలో పాండాస్ వెర్షన్ ఏది? మిగిలిన పనులేంటి, ఒక్కోదానికి ఎన్ని గంటలు పడుతుంది, ఎవరు చేస్తారు? వెర్షన్ ఎలా చూడాలో కూడా అందులోనే రాశాను:

```python
import pandas as pd
print(pd.__version__)
```

పాండాస్ అంటే పైథాన్‌లో పట్టికల డేటాతో పని చేసే లైబ్రరీ. దాని వెర్షన్ అడగడానికి కారణం ఉంది. ‘ల్యాబ్‌లో వస్తోంది మేడమ్, నా ల్యాప్‌టాప్‌లో రావట్లేదు’ అన్న మాట ప్రతి ఏడాదీ వింటాను. మా ల్యాబ్ మెషీన్లలో ఇప్పటికీ పాండాస్ 1.1.5 ఉంది. పిల్లలు ఇంట్లో `pip install pandas` కొడితే అప్పటికి ఉన్న తాజా వెర్షన్ దిగుతుంది. ఆ సెప్టెంబర్‌లో అయితే 2.2 సిరీస్. 2023 ఏప్రిల్‌లో 2.0 వచ్చినప్పుడు తేదీలను చదివే పద్ధతి మారింది. ఈ కేసుకు మూలం అక్కడే ఉందని అప్పటికి నాకు తెలియదు. అయినా రెండు మెషీన్లు రెండు రకాలుగా ప్రవర్తిస్తుంటే ముందు చూడాల్సింది వెర్షనే.

సాయంత్రానికి రెండో మెయిల్ వచ్చింది. రాసిన మనిషి అదే, మెయిల్ మాత్రం పూర్తిగా వేరు.

> మేడమ్,
>
> మా ప్రాజెక్టు గుంటూరు మిర్చి ధరలు. డేటా data.gov.in నుంచి తీసుకున్నాం, 2024 జనవరి నుంచి ఏప్రిల్ వరకు, మొత్తం 76 వరసలు. నెలవారీ సగటు ధర లెక్కగట్టి గ్రాఫ్ గీయాలి.
>
> ల్యాబ్‌లో 1.1.5, నా ల్యాప్‌టాప్‌లో 2.2.2. ల్యాబ్‌లో ఎర్రర్ లేదు. నా ల్యాప్‌టాప్‌లో ఎర్రర్ వచ్చింది, కింద పెట్టాను. నెట్‌లో చూసి `errors="coerce"` అని చేరిస్తే ఎర్రర్ పోయింది. కానీ ల్యాబ్‌లో వచ్చిన సగటులూ ఇక్కడ వస్తున్న సగటులూ కలవడం లేదు. ఏది కరెక్టో తెలియడం లేదు.
>
> మా టీమ్‌లో ఒకరి ఇల్లు విజయవాడ సింగ్ నగర్. బుడమేరు వరదలో ఇంట్లోకి నీళ్లు వచ్చాయి. తన ల్యాప్‌టాప్ తడిసి పాడైంది. రిపోర్టు అందులోనే ఉంది. కోడ్ మాత్రం నా పెన్‌డ్రైవ్‌లో ఉండటం వల్ల మిగిలింది. తను రెండు వారాలు కాలేజీకి రాలేదు.
>
> మిగిలిన పని: సగటులు సరిచేయడం (ఎంతసేపో తెలియదు), మూడు గ్రాఫులు మళ్లీ గీయడం 2 గంటలు, రిపోర్టు మళ్లీ రాయడం 8 గంటలు.

ఎర్రర్‌లో ముఖ్యమైన భాగం ఇది:

```
ValueError: time data "18/01/2024" doesn't match format "%m/%d/%Y", at position 9.
```

సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి సింగ్ నగర్ ఎలా మునిగిందో ఈ జిల్లాల్లో తెలియని వాళ్లు లేరు. రోజుల తరబడి పడవల మీద పాలు, నీళ్లు అందించారు. అంత పెద్ద కారణాన్ని ఈ అమ్మాయి మొదటి మెయిల్‌లో ‘కొన్ని వ్యక్తిగత సమస్యలు’ అని రాసి ఊరుకుంది. మర్నాడు అడిగితే, ‘సాకు చెబుతున్నామనుకుంటారని రాయలేదు మేడమ్’ అంది. పేరు చెప్పకుండా, ‘టీమ్ సభ్యురాలి ఇల్లు మునిగింది, రిపోర్టు ఉన్న ల్యాప్‌టాప్ పోయింది’ అని ఒక్క వాక్యం రాస్తే అది సాకు కాదు. ఏ ఫైలు పోయిందో, ఎన్ని గంటల పని పోయిందో నేను అంచనా వేసుకోగలను.

అయినా వరద వల్ల పోయింది రిపోర్టు. సగటులు కలవకపోవడానికి వరద కారణం కాదు. ఈ రెండింటినీ విడదీస్తే తప్ప ఎన్ని రోజులు ఇవ్వాలో తేలదు. సోమవారం ఉదయం ముగ్గురినీ ల్యాబ్‌కు రమ్మన్నాను.

‘ఏమ్మా, ల్యాబ్‌లో మొదటిసారి గ్రాఫ్ గీసినప్పుడు ఏం వచ్చింది?’ అని అడిగాను.

‘పన్నెండు బార్లు వచ్చాయి మేడమ్. మన డేటా ఏప్రిల్ దాకానే కదా అని మిగతావి తీసేశాం.’

‘ఎలా తీసేశారు?’

‘నెల నాలుగు కంటే ఎక్కువైతే వద్దని ఫిల్టర్ పెట్టాం మేడమ్.’

వాళ్ల కోడ్‌లో ముఖ్యమైన భాగం ఇది:

```python
df = pd.read_csv("mirchi.csv")
df["Arrival_Date"] = pd.to_datetime(df["Arrival_Date"])
df["Month"] = df["Arrival_Date"].dt.month
df = df[df["Month"] <= 4]
print(df.groupby("Month")["Modal_Price"].mean())
```

నాలుగు నెలల ఫైల్లోంచి పన్నెండు నెలలు ఎలా పుట్టుకొచ్చాయన్నదే అసలు ప్రశ్న. సెప్టెంబర్‌లో కూర్చుని గీసిన గ్రాఫ్‌లో ఇంకా రాని డిసెంబర్ ధర కూడా ఉంది. పైగా మే రెండో వారం నుంచి నెల రోజుల పాటు గుంటూరు మిర్చి యార్డుకు ఎండాకాలం సెలవులని ఈ ఊళ్లో అందరికీ తెలుసు, అయినా ఆ సెలవుల్లో పడే జూన్ 2, 3 తేదీలకూ ధరలు వచ్చాయి. అక్కడ ఆగి ‘ఇదెక్కడిది?’ అనుకోవాల్సింది. వీళ్లు ఫిల్టర్‌తో దాన్ని కనపడకుండా చేశారు.

జరిగిందేమిటంటే, ఫైల్లో తేదీలు మన పద్ధతిలో ఉన్నాయి: ముందు రోజు, తర్వాత నెల, చివర సంవత్సరం. పాండాస్‌కు ఏమీ చెప్పకపోతే ముందున్న అంకెను నెల అనుకుంటుంది. పాత వెర్షన్ ఒక్కో తేదీని విడిగా చూస్తుంది. `05/02/2024` అంటే ఫిబ్రవరి 5 కదా, దాన్ని మే 2 అని చదువుతుంది. `18/01/2024` దగ్గరికి వచ్చేసరికి 18వ నెల ఉండదు కాబట్టి తనంతట తానే తిరగేసి జనవరి 18 అని సరిగ్గా చదువుతుంది. అంటే 12వ తేదీ దాటినవన్నీ సరిగ్గా, 12 లోపువన్నీ తిరగబడి వస్తాయి. 1.1.5లో దీనికి ఎర్రర్ లేదు, హెచ్చరిక కూడా రాదు.

కొత్త వెర్షన్ అలా చేయదు. మొదటి తేదీని చూసి ఒక ఫార్మాట్ నిర్ణయించుకుని, కాలమ్ మొత్తం అదే ఫార్మాట్‌లో ఉండాలంటుంది. వీళ్ల ఫైల్లో మొదటి వరస `02/01/2024`. దాన్ని చూసి నెల ముందు అని నిర్ణయించుకుంది. ఆ తర్వాత 12వ తేదీ దాకా ఏ అడ్డూ రాలేదు. 12 శుక్రవారం, ఆపైన భోగి, సంక్రాంతి, కనుమ వచ్చాయి. ఫైల్లో తర్వాతి వరస 18వ తేదీది, సున్నా నుంచి లెక్కిస్తే అది తొమ్మిదో స్థానం. ఎర్రర్‌లో `at position 9` అన్నది దాని గురించే. నిజానికి ఈ ఎర్రర్ వాళ్లకు మేలు చేసింది. ‘నీ తేదీలు నేను అనుకున్న పద్ధతిలో లేవు’ అని, ఏ వరసలో ఏ తేదీ దగ్గరో కూడా చెప్పింది.

దాని నోరు నొక్కింది `errors="coerce"`. చదవలేని తేదీల దగ్గర ఖాళీ పెట్టి ముందుకు పొమ్మని దాని అర్థం. ఎంత నష్టం జరిగిందో వాళ్ల చేతే లెక్కపెట్టించాను. ముందు ల్యాబ్ మెషీన్‌లో ఫిల్టర్ లైన్ తీసేసి, ఒక్కో నెలకు ఎన్ని వరసలున్నాయో చూడమన్నాను:

```python
print(df["Month"].value_counts().sort_index())
```

```
1     12
2     16
3     13
4     14
5      4
6      2
7      2
8      3
9      2
10     2
11     2
12     4
```

మొత్తం 76. మే నుంచి డిసెంబర్ దాకా ఏ నెలకూ నాలుగుకు మించి లేవు. నాలుగే ఎందుకంటే అసలు డేటా నాలుగు నెలలదే. మే కింద పడ్డవి జనవరి 5, ఫిబ్రవరి 5, మార్చి 5, ఏప్రిల్ 5. వాటిని పాండాస్ మే 1, 2, 3, 4 తేదీలుగా చదివింది. ఒక్క నెలలో కొన్నే వరసలు, అవీ నెల మొదట్లో వరసగా ఉంటే, తేదీలు తిరగబడ్డాయని అనుమానించవచ్చు.

ఫిల్టర్ పెడితే మే నుంచి డిసెంబర్ దాకా పడ్డ 21 వరసలు పోతాయి. మిగిలిన 55 సరైనవేనని వాళ్లు అనుకున్నారు. కావు. తిరగబడ్డ తేదీల్లో కొన్ని మళ్లీ మొదటి నాలుగు నెలల్లోనే పడ్డాయి. ఏప్రిల్ 1 ధర జనవరి 4 కింద, మార్చి 1 ధర జనవరి 3 కింద, జనవరి 2 ధర ఫిబ్రవరి 1 కింద చేరాయి. జనవరి సగటు తీసుకుంటే, అందులో ఉన్న 12 వరసల్లో నిజంగా జనవరివి 9 మాత్రమే. మిగతా మూడు ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ ఒకటో తేదీలవి. జనవరి మొదటి రెండు వారాల్లోని 9 రోజులు ఆ సగటులోనే లేవు. మొత్తం 76లో 30 వరసల తేదీలు తప్పు. వాటిలో 21 ఫిల్టర్‌లో పోయాయి, 9 గ్రాఫ్‌లోనే మిగిలిపోయాయి. గ్రాఫ్‌లో నాలుగు బార్లు పొందిగ్గా కనిపిస్తుంటే ఎవరికీ అనుమానం రాదు.

ఇప్పుడు ల్యాప్‌టాప్ సంగతి. `coerce` పెట్టడంతో 12వ తేదీ దాటిన 44 వరసలు ఖాళీ అయ్యాయి. అంటే సరిగ్గా చదవగలిగినవే పోయాయి. మిగిలిన 32లో 30 తిరగబడ్డవి. ఫిబ్రవరి 2, ఏప్రిల్ 4 మాత్రం తిప్పినా మారవు కాబట్టి బతికాయి. ఆ పైన వాళ్ల ఫిల్టర్ పడితే చివరికి 11 వరసలు మిగిలాయి. నాలుగు నెలల సగటు పదకొండు వరసల మీద లెక్కగట్టి గ్రాఫ్ గీశారు. ప్రోగ్రామ్ మాత్రం ఏ ఎర్రర్ లేకుండా పూర్తయింది.

‘అయితే ఏది కరెక్ట్ మేడమ్, ల్యాబ్‌దా, నాదా?’ అంది లీడర్.

‘రెండూ కాదమ్మా’ అన్నాను.

ముగ్గురూ కాసేపు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రెండు జవాబులు వేరుగా వస్తే ఒకటి తప్పు, ఒకటి ఒప్పు అనుకోవడం సహజం. వాళ్లు రెండు రోజులుగా ల్యాబ్ జవాబుకు ల్యాప్‌టాప్ జవాబును సరిపెట్టే పనిలో ఉన్నారు. అదే జరిగి ఉంటే రెండు మెషీన్లలో ఒకే తప్పు వచ్చేది.

సరిచేయడానికి ఒక్క లైన్ చాలు:

```python
df["Arrival_Date"] = pd.to_datetime(
    df["Arrival_Date"], format="%d/%m/%Y")
```

`dayfirst=True` అన్నా ఈ ఫైల్‌కు పని జరుగుతుంది. కానీ అది ‘వీలైతే రోజు ముందు’ అని చెప్పడం మాత్రమే, కచ్చితమైన నియమం కాదు. ఫార్మాట్ రాసి ఇస్తే, దానికి సరిపడని తేదీ ఒక్కటి వచ్చినా అక్కడే ఆగిపోతుంది. మనకు కావాల్సింది అదే. ఫిల్టర్ లైన్, `coerce` రెండూ తీసేయించాను. రెండు మెషీన్లలోనూ రన్ చేస్తే జనవరి 18, ఫిబ్రవరి 21, మార్చి 18, ఏప్రిల్ 19 వరసలు వచ్చాయి. కూడితే 76. మే అన్నది లేనే లేదు. ఇంకో పరీక్ష కూడా చేయించాను. ఈ ఫైల్లో శని, ఆదివారాల ధరలు లేవు. కాబట్టి తేదీలు సరిగ్గా చదివి ఉంటే వారాంతం ఒక్కటీ రాకూడదు:

```python
print((df["Arrival_Date"].dt.dayofweek >= 5).sum())
```

సున్నా వచ్చింది. పాత పద్ధతిలో ఫిబ్రవరి 6 కాస్తా జూన్ 2 అయింది. 2024లో జూన్ 2 ఆదివారం. ఈ ఒక్క లైన్ ముందే రాసి ఉంటే తప్పు అప్పుడే దొరికేది.

ఒక విషయం మాత్రం వాళ్లను గట్టిగా అడిగాను: డౌన్‌లోడ్ చేశాక ఆ ఫైల్‌ను ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేశారా? అలా చేసి ఉంటే కథ వేరు. కంప్యూటర్ సెట్టింగ్ అమెరికా పద్ధతిలో ఉంటే ఎక్సెల్ కూడా 12 లోపు తేదీలను తిరగేసి నిజమైన తేదీలుగా మార్చేస్తుంది, మిగతావాటిని ఉత్త అక్షరాలుగా వదిలేస్తుంది. దాన్ని ఎక్సెల్ ఫైల్‌గా సేవ్ చేసినా, తేదీల రూపం మార్చి సేవ్ చేసినా తప్పు ఫైల్లోకే ఎక్కుతుంది. అప్పుడు పై లైన్ రాసినా లాభం లేదు, డేటా మళ్లీ దించుకోవాల్సిందే. వీళ్లు నోట్‌ప్యాడ్‌లో మాత్రమే చూశారు. ఫైల్ మొదటి పది వరసలు నేనూ చూశాను. అన్నీ రెండంకెల రోజు, రెండంకెల నెలతో ఒకే తీరుగా ఉన్నాయి.

ఇక గడువు. ‘సగటులు సరిచేయడం, ఎంతసేపో తెలియదు’ అన్న పని ల్యాబ్‌లో గంటలోపే అయిపోయింది. వారం అడగడానికి అసలు కారణం ఆ తెలియని పనే. ఎంతసేపు పడుతుందో తెలియనప్పుడు ఎవరైనా గుండ్రంగా ‘ఒక వారం’ అంటారు. అది తీసేస్తే మిగిలింది పది గంటల పని: గ్రాఫులు, రిపోర్టు. రిపోర్టు పోయింది వరద వల్ల, అందులో వాళ్ల తప్పు లేదు. పైగా పాత రిపోర్టు దొరికినా పనికిరాదు. అందులోని సగటులు, గ్రాఫులు, ముగింపు అన్నీ తప్పు లెక్క మీద రాసినవే.

సోమవారం మధ్యాహ్నం మెయిల్‌లోనే జవాబిచ్చాను. నోటితో చెప్పి వదిలేస్తే తర్వాత ఎవరికి ఎంత ఇచ్చానో గొడవ అవుతుంది.

> మీ టీమ్‌కు 26వ తేదీ గురువారం సాయంత్రం 5 గంటల వరకు గడువు. ఆలస్యానికి మార్కుల కోత లేదు, పోయిన రిపోర్టు కారణంగా. కోడ్ మాత్రం ఈ రోజు 5 గంటలకే సబ్మిట్ చేయాలి, ఇప్పుడు ఉన్నది ఉన్నట్టుగా. డెమో శుక్రవారం ఉదయం 10 గంటలకు. రిపోర్టులో ఒక పేజీ అదనంగా రాయాలి: తేదీలు ఎలా తిరగబడ్డాయి, మూడు రకాలుగా చదివినప్పుడు నెలకు ఎన్ని వరసలు వచ్చాయి, ఏది సరైనదో ఎలా తేల్చారు.

కోడ్‌ను సోమవారమే తీసుకోవడం వెనక ఉద్దేశం వేరే. మిగతా టీమ్‌లు అదే రోజు ఇస్తున్నాయి. ఈ టీమ్‌కు రిపోర్టు రాసుకోవడానికి సమయం ఇస్తున్నానే తప్ప ప్రాజెక్టును పెంచుకోవడానికి కాదు. గడువు దేనికి ఇస్తున్నామో ఆ పనికే పరిమితం చేస్తే, సమయానికి ఇచ్చినవాళ్లకు అన్యాయం జరగదు. గురువారం అనడానికీ లెక్క ఉంది. పది గంటల పని, రోజూ సాయంత్రం మూడు నాలుగు గంటలు కూర్చుంటే మూడు రోజులు. శుక్రవారం డెమో అయితే శనివారం మార్కులు వేసుకోవచ్చు, 30వ తేదీకి ఇబ్బంది ఉండదు.

అదనపు పేజీ శిక్ష కాదు. ఆ పేజీ లేకపోతే వాళ్ల చేతికి మిగిలేది `format` అన్న ఒక్క మాట. వచ్చే ఏడాది వేరే ఫైల్‌లో, వేరే తేదీలతో ఇదే తప్పు మళ్లీ వస్తుంది.

రిపోర్టు గురువారం నాలుగున్నరకు వచ్చింది. అదనపు పేజీ రాసింది ఇల్లు మునిగిన అమ్మాయి. మూడు గ్రాఫులు పక్కపక్కన పెట్టింది: పాత వెర్షన్‌ది, `coerce`ది, సరైనది. ఒక్కో బార్ మీద అందులో ఎన్ని వరసలున్నాయో రాసింది. అది నేను అడగలేదు. సగటు గ్రాఫ్ మీద వరసల సంఖ్య వేస్తే ఇలాంటి తప్పు దాక్కోలేదు. మార్చి బార్ మీద రెండు అని కనిపిస్తే ఎవరైనా ఆగి అడుగుతారు. ఆ అలవాటును తర్వాతి బ్యాచ్ ప్రాజెక్టు షీట్‌లో నియమంగా చేర్చాను.

డెమోలో మూడో సభ్యుడిని ఒక ప్రశ్న అడిగాను. మన ఫైల్లో ప్రతి నెలా 1 నుంచి 12 వరకు తేదీలే ఉండి ఉంటే కొత్త పాండాస్ ఎర్రర్ ఇచ్చేదా? అతను కాసేపు ఆలోచించి, ‘ఇవ్వదు మేడమ్, అన్నీ నెల ముందు పద్ధతిలో చక్కగా సరిపోతాయి’ అన్నాడు. అది సరైన జవాబు. కొత్త వెర్షన్ వేసుకున్నంత మాత్రాన ఈ ప్రమాదం పోదు. తేదీలన్నీ 12 లోపే ఉంటే అది కూడా నోరెత్తకుండా తిప్పేస్తుంది. ఏ పద్ధతిలో ఉన్నాయో ఫైల్ గురించి తెలిసిన మనిషే చెప్పాలి.

ఈ టీమ్‌కు గడువు ఇచ్చానని తెలిసి సోమవారం సాయంత్రమే మరో టీమ్ నుంచి మెయిల్ వచ్చింది. ‘మాకూ గురువారం దాకా ఇవ్వండి మేడమ్, మాకూ టెక్నికల్ ప్రాబ్లమ్సే’ అని ఉంది. వాళ్లకూ అవే నాలుగు ప్రశ్నలు పంపాను. గంటలో జవాబు వచ్చింది: డేటా ఇంకా దించుకోలేదు, మొత్తం పని మిగిలే ఉంది, కారణమంటూ ప్రత్యేకంగా ఏమీ లేదు. నిజమే రాశారు, అది నాకు నచ్చింది. గడువు మాత్రం ఇవ్వలేదు. ఆలస్యానికి ఉన్న మామూలు మార్కుల కోతతోనే బుధవారం దాకా తీసుకుంటానని, మూడు గ్రాఫులకు బదులు ఒక్క గ్రాఫ్ చేసినా చాలని, దాని వంతు మార్కులు మాత్రమే వస్తాయని రాశాను. వాళ్లు ఒక్క గ్రాఫ్‌తోనే బుధవారం ఇచ్చారు. బార్ల మీద వరసల సంఖ్య మాత్రం లేదు. అడిగితే, అక్కడే నిలబడి కోడ్‌లో చేర్చి చూపించారు.